మైనస్ కనపడగానే బిట్లు తిప్పేయకండి: టూస్ కాంప్లిమెంట్, ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు చేత్తో చేసే పద్ధతి

నెల్లూరు వైపు కాలేజీలకి జేఎన్‌టీయూ అనంతపురం పేపరు, ఒంగోలు వైపు వాళ్ళకి జేఎన్‌టీయూ కాకినాడ పేపరు. పేపరు ఏదైనా కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో ఈ రెండు లెక్కల దగ్గర పిల్లలు చేసే తప్పు మాత్రం ఒక్కటే. −77ని 8 బిట్లలో టూస్ కాంప్లిమెంట్‌గా రాయమంటే చక్కగా రాస్తారు, పక్క ప్రశ్నలో −77.6875ని సింగిల్ ప్రెసిషన్ ఫ్లోటింగ్ పాయింట్‌లో రాయమంటే అక్కడ కూడా మైనస్ చూసి మాంటిస్సాకి టూస్ కాంప్లిమెంట్ చేసేస్తారు. మా ట్యూషన్‌లో కావలి నుంచి వచ్చే ఒకమ్మాయి ప్రతిసారీ అడిగేది, "సార్, మైనస్ ఉండాదిగా, తిప్పొద్దా?" అని. వద్దు. ఎందుకు వద్దో తెలియాలంటే ఈ రెండు లెక్కలూ ఒకే అంకెతో పక్కపక్కన చేసి చూడాలి, అందుకే ఈ మొత్తం 77 చుట్టూనే తిప్పుతున్నాను.

ముందు పూర్ణాంకం. మొదటి పని మైనస్‌ని పక్కన పెట్టి 77ని బైనరీలోకి మార్చడం. రెండుతో భాగిస్తూ పోతే శేషాలు వరసగా 1, 0, 1, 1, 0, 0, 1 వస్తాయి, వాటిని కింద నుంచి పైకి చదివితే 1001101. నాకైతే భాగహారం కన్నా 64, 32, 16, 8, 4, 2, 1 అని ఒక వరస రాసుకుని అందులోంచి తీయడమే తేలిక: 77లో 64 పోతే 13, దాంట్లో 8 పోతే 5, తర్వాత 4, తర్వాత 1. పరీక్షలో రెండు నిమిషాలు మిగులుతాయి, శేషాలు తలకిందులుగా చదివే ప్రమాదం కూడా ఉండదు.

రెండో పని, బిట్ల సంఖ్య నిండేదాకా ఎడమ వైపు సున్నాలు పెట్టడం. ఇది చాలామంది తిప్పిన తర్వాత చేస్తారు, అక్కడే జవాబు పోతుంది. ఏడు బిట్లుగానే తిప్పి, ఒకటి కలిపి, ఆ తర్వాత ముందు సున్నా పెడితే అది పాజిటివ్ అంకె అయి కూర్చుంటుంది. 8 బిట్లని ప్రశ్నలో ఉంటే ముందే 01001101 అని ఎనిమిదీ రాసుకోండి. ఆ తర్వాతే తిప్పాలి, అంటే ప్రతి 0ని 1గా, ప్రతి 1ని 0గా మార్చి, వచ్చినదానికి ఒకటి కలపాలి.

```
 77        0100 1101
తిప్పితే    1011 0010
+1         1011 0011     ఇదే −77
```

తిప్పి ఒకటి కలపడంలో క్యారీ చాలా దూరం పోయే అంకెలు కొన్ని ఉంటాయి, వాటికి ఒక అడ్డదారి ఉంది. కుడి చివర నుంచి మొదలుపెట్టి మొదటి 1 వచ్చేదాకా, ఆ 1తో సహా, ఉన్నది ఉన్నట్టు దించండి, దానికి ఎడమ వైపున్నవన్నీ తిప్పండి. 44 అంటే 00101100. కుడి వైపు 100ని అలాగే ఉంచి, మిగతా 00101ని 11010 చేస్తే 11010100, అదే −44. ఒకటి కలపడం, క్యారీ మోయడం ఏమీ లేదు. పేపరులో పద్ధతి చూపించమని అడిగితే మాత్రం తిప్పడం, ఒకటి కలపడం రెండు వరసలుగా రాయాల్సిందే. అడ్డదారి రఫ్ పని కోసం, జవాబు సరిచూసుకోవడం కోసం.

సరిచూసుకోవడం అన్నాను కదా, దానికి ఇంకా గట్టి పద్ధతి ఎడమ చివరి బిట్‌కి మైనస్ విలువ ఇచ్చి కూడడం. 8 బిట్లలో ఆ బిట్ విలువ −128, మిగతావి మామూలే. 10110011లో −128, 32, 16, 2, 1 ఉన్నాయి. కుడి నాలుగూ కలిపితే 51, −128కి 51 కలిపితే −77. సరిపోయింది. ఎవరైనా 11101000 ఇచ్చి ఇది ఎంత అని అడిగినా ఇదే పద్ధతిలో ఒక్క వరసలో తేలుతుంది: −128 + 64 + 32 + 8 = −24. మళ్ళీ తిప్పి, ఒకటి కలిపి, మైనస్ పెట్టి అని అంత దూరం వెళ్ళక్కర్లేదు.

16 బిట్లకి పెంచమన్నప్పుడు ఎడమ వైపు సైన్ బిట్‌నే నింపాలి, సున్నాలు కాదు. −77 అయితే 1111 1111 1011 0011. సున్నాలు నింపితే అది 179 అవుతుంది.

కూడికలో ఓవర్‌ఫ్లో గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది రెండు మార్కుల ప్రశ్నగానో, పెద్ద ప్రశ్నకి తోకగానో తరచూ వస్తుంది. ఎడమ చివర నుంచి క్యారీ బయటికి పోయిందంటే ఓవర్‌ఫ్లో అని చాలామంది రాసేస్తారు. కాదు. ఈ రెండు కూడికలూ చూడండి.

```
   77   0100 1101          −77   1011 0011
 + 60   0011 1100        + −44   1101 0100
 ----   ---------        -----   ---------
        1000 1001              1 1000 0111
```

ఎడమ వైపు కూడికలో క్యారీ బయటికి రాలేదు, అయినా జవాబు తప్పు. 77, 60 కలిపితే 137 రావాలి, 8 బిట్లలో పట్టేది +127 వరకే, అందుకే 10001001ని చదివితే −119 అని వస్తోంది. కుడి వైపు కూడికలో క్యారీ బయటికి పోయింది, అయినా దాన్ని వదిలేసి మిగిలిన 10000111ని చదివితే −128 + 7, అంటే −121, సరైన జవాబే. మరి ఎలా తెలుసుకోవాలి అంటే, సైన్ బిట్ నిలువు వరసలోకి వచ్చిన క్యారీ, ఆ వరస నుంచి బయటికి పోయిన క్యారీ రెండూ ఒకటేనా కాదా అని చూడాలి. మొదటి దాంట్లో లోపలికి 1 వచ్చింది, బయటికి 0 పోయింది, వేర్వేరు కాబట్టి ఓవర్‌ఫ్లో. రెండోదాంట్లో లోపలికి 1, బయటికి 1, ఓవర్‌ఫ్లో లేదు. అదే విషయాన్ని ఇంకోలా చెప్పాలంటే, రెండు ప్లస్‌లు కలిపితే మైనస్ వచ్చినా, రెండు మైనస్‌లు కలిపితే ప్లస్ వచ్చినా ఓవర్‌ఫ్లో. ఒక ప్లస్, ఒక మైనస్ కలిపినప్పుడు అది రావడానికి వీల్లేదు. జవాబు పక్కన ఆ రెండు క్యారీలనీ గుండ్రంగా చుట్టి చూపిస్తే దిద్దేవాళ్ళు వెతుక్కోనక్కర్లేదు.

ఇక −77.6875. ఇక్కడ నుంచి బిట్లు తిప్పే పని లేదు, ఆ ఆలోచన పూర్తిగా పక్కన పెట్టండి.

ఐ ట్రిపుల్ ఈ 754 ప్రమాణం 1985లో వచ్చింది, తర్వాత 2008లోనూ 2019లోనూ సవరించారు, అయినా పరీక్షలో అడిగే 32 బిట్ల ఆకారం మొదటి నుంచీ అదే. ఎడమ చివర ఒక సైన్ బిట్, తర్వాత ఎనిమిది బిట్ల ఎక్స్‌పోనెంట్, తర్వాత ఇరవై మూడు బిట్ల మాంటిస్సా. సైన్ బిట్ ఒక్కటే మైనస్ సంగతి చూసుకుంటుంది. మిగతా ముప్పై ఒక్క బిట్లు +77.6875కి ఎలా ఉంటాయో −77.6875కీ అచ్చం అలాగే ఉంటాయి.

మొదటి అడుగు, సైన్ బిట్ 1 అని పేజీ మార్జిన్‌లో రాసేసుకుని మైనస్‌ని మర్చిపోండి. రెండో అడుగు, 77.6875ని బైనరీ చేయండి. 77 ఇప్పటికే తెలుసు, 1001101. భిన్నం భాగం .6875ని రెండుతో గుణిస్తూ పోవాలి, ప్రతిసారీ చుక్కకి ఎడమ వైపు వచ్చిన అంకెని తీసి పక్కన రాసుకోవాలి:

```
0.6875 × 2 = 1.375   → 1
0.375  × 2 = 0.75    → 0
0.75   × 2 = 1.5     → 1
0.5    × 2 = 1.0     → 1
```

ఇక్కడ పై నుంచి కిందికి చదవాలి, 1011. పూర్ణాంకానికి కింద నుంచి పైకి, భిన్నానికి పై నుంచి కిందికి, ఈ రెండు దిక్కులూ కలగలిపేసుకోవడం వల్ల పోయే మార్కులు అన్నీ ఇన్నీ కావు. సరిచూసుకోవడానికి మన పాత అణాల లెక్క భలే పనికొస్తుంది. రూపాయికి పదహారణాలు కదా, అర్ధ రూపాయి ఎనిమిదణాలు, పావలా నాలుగు, బేడ రెండు, ఆ తర్వాత అణా. చుక్క తర్వాత వచ్చే మొదటి నాలుగు బిట్లు సరిగ్గా ఇవే. 1011 అంటే అర్ధ రూపాయి ఉంది, పావలా లేదు, బేడ ఉంది, అణా ఉంది, మొత్తం పదకొండణాలు. 11ని 16తో భాగిస్తే 0.6875. ఇంట్లో పెద్దవాళ్ళనెవరినైనా అడిగి చూడండి, పదకొండణాలని ఎలా చిల్లరగా ఇస్తారో వాళ్ళు చెప్పే జవాబే మీ మాంటిస్సా తోక.

మూడో అడుగు, చుక్కని జరపడం. 1001101.1011లో చుక్కని ఎడమ వైపు మొదటి 1 పక్కకి వచ్చేదాకా జరిపితే ఆరు స్థానాలు జరుగుతుంది:

```
1001101.1011  =  1.0011011011 × 2^6
```

చుక్క ముందున్న ఆ 1ని రాయరు. సాధారణ అంకెల్లో ఎప్పుడూ అక్కడ 1 ఉంటుంది కాబట్టి దానికోసం ఒక బిట్ ఖర్చు పెట్టడం దండగ. మాంటిస్సాలోకి వెళ్ళేది చుక్క తర్వాతి 0011011011 మాత్రమే, దానికి కుడి వైపు సున్నాలు నింపి ఇరవై మూడు చేయాలి. పది బిట్లున్నాయి, పదమూడు సున్నాలు. కుడి వైపు అని నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే పూర్ణాంకాలకి ఎడమ వైపు సున్నాలు పెట్టే అలవాటు ఇక్కడ కూడా చేతికి వచ్చేస్తుంది, అప్పుడు అంకె మొత్తం మారిపోతుంది.

నాలుగో అడుగు ఎక్స్‌పోనెంట్. 6కి 127 కలపాలి, ఈ 127నే బయాస్ అంటారు. కలిపితే 133, బైనరీలో 10000101. ఇది 128 + 4 + 1, భాగహారం చేయక్కర్లేదు. ఎక్స్‌పోనెంట్ పాజిటివ్ అయితే బయాస్ కలిపాక ఎడమ చివర ఎప్పుడూ 1 వస్తుంది, సున్నా గానీ నెగటివ్ గానీ అయితే ఎప్పుడూ 0 వస్తుంది. 2^1 నుంచి పైవన్నిటికీ బయాస్ కలిపితే 128 లేదా అంతకన్నా ఎక్కువే వస్తుంది కదా.

```
1  10000101  00110110110000000000000
```

ఐదో అడుగు హెక్సా, అడిగితేనే. ముప్పై రెండు బిట్లనీ ఖాళీ లేకుండా ఒకే వరసలో తిరగరాసి ఎడమ నుంచి నాలుగేసి విడదీయండి. మూడు ముక్కలుగా ఉన్నప్పుడే ఒక్కో ముక్కని విడిగా నాలుగేసి చేయబోతే సైన్ బిట్ ఒంటరిగా మిగిలి అన్నీ పక్కకి జరిగిపోతాయి.

```
1100 0010 1001 1011 0110 0000 0000 0000
 C    2    9    B    6    0    0    0
```

జవాబు C29B6000.

ఇప్పుడు ఆ కావలి అమ్మాయి ప్రశ్నకి లెక్కతోనే జవాబు చెప్పుకుందాం. మైనస్ ఉంది కదా అని మాంటిస్సాని తిప్పి ఒకటి కలిపామనుకోండి, 0011011011 కాస్తా 1100100101 అవుతుంది. దాన్ని తిరిగి చదివితే 1.1100100101 × 2^6, అంటే 1110010.0101, అంటే 114.3125. మనం రాయబోయింది −77.6875, కాగితం మీద కూర్చున్నది −114.3125. అన్ని అడుగులూ కరెక్టే, మధ్యలో అక్కర్లేని అడుగు ఒకటి వేయడం వల్ల జవాబు ఎక్కడికో పోయింది. తిరిగి చదివి చూసే అలవాటు ఉంటే ఇది అక్కడికక్కడే దొరికిపోతుంది.

మరి ఎక్స్‌పోనెంట్ నెగటివ్ కూడా కావచ్చు కదా, దానికైనా టూస్ కాంప్లిమెంట్ ఎందుకు పెట్టలేదు, ఈ 127 గొడవ ఏంటి అని అడుగుతారు. వైవాలో కూడా అడుగుతారు కాబట్టి వినండి. రెండు పాజిటివ్ ఫ్లోటింగ్ అంకెల్లో ఏది పెద్దదో తేల్చడానికి బిట్లని ఎడమ నుంచి మామూలు సైన్ లేని పూర్ణాంకాల్లాగా పోల్చేస్తే చాలు అనేట్టు ఈ ఆకారాన్ని పేర్చారు, అందుకే ఎక్స్‌పోనెంట్ మాంటిస్సాకి ముందు ఉంటుంది. ఎక్స్‌పోనెంట్ −3 అయితే బయాస్ కలిపాక 124, అంటే 01111100. ఎక్స్‌పోనెంట్ 6 అయితే 10000101. బిట్లు చూడగానే రెండోది పెద్దదని తెలిసిపోతోంది. అదే టూస్ కాంప్లిమెంట్ పెట్టి ఉంటే −3కి 11111101, 6కి 00000110 వచ్చేవి, అలా పోలిస్తే చిన్న అంకె పెద్దదిగా కనపడేది. హెక్సా ఇచ్చి వెనక్కి చదవమన్నప్పుడు ఎక్స్‌పోనెంట్ మొదటి బిట్ 1 ఉంది కదా అని దాన్ని నెగటివ్ అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక్కడ సంగతి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

వెనక్కి చదివే లెక్క ఒకటి చేద్దాం, కావాలనే నెగటివ్ ఎక్స్‌పోనెంట్ ఉన్నది తీసుకుంటున్నాను. ప్రశ్న: BE580000 ఏ దశాంశ సంఖ్య?

```
B    E    5    8    0000
1011 1110 0101 1000 0000...

1  01111100  10110000000000000000000
```

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ముక్కలు కోసే చోట. హెక్సా నాలుగేసి బిట్లు, మన ముక్కలు ఒకటి, ఎనిమిది, ఇరవై మూడు, కాబట్టి ఎక్స్‌పోనెంట్ చివరి బిట్ మూడో హెక్సా అంకె నుంచి వస్తుంది. E దగ్గర ఆపేసి 0111110ని ఎక్స్‌పోనెంట్ అనుకుంటే అది ఏడు బిట్లే. వేలు పెట్టి ఎనిమిది లెక్కపెట్టి అక్కడ నిలువు గీత గీయండి, పెన్సిల్‌తో అయినా సరే.

ఎక్స్‌పోనెంట్ 01111100, అంటే 64 + 32 + 16 + 8 + 4, అంటే 124. దాంట్లోంచి 127 తీసేస్తే −3. మాంటిస్సా 1011, దాని ముందు దాచిన 1ని తిరిగి తెచ్చి పెడితే 1.1011. అణాల లెక్క ప్రకారం చుక్క తర్వాతది పదకొండణాలు, కాబట్టి 1.6875. 2^−3 అంటే 8తో భాగించడం, 1.6875ని 8తో భాగిస్తే 0.2109375. సైన్ బిట్ 1, జవాబు −0.2109375. ఇక్కడ చుక్కని నిజంగా మూడు స్థానాలు ఎడమకి జరిపి 0.0011011 రాసి ఒక్కో బిట్ విలువా కూడినా అదే వస్తుంది గానీ, ముందు దశాంశంలోకి మార్చి తర్వాత భాగిస్తే తప్పులు తక్కువ.

చదవడం మొదలుపెట్టే ముందే ఎక్స్‌పోనెంట్‌ని ఒకసారి చూడండి. ఎనిమిదీ సున్నాలు అయినా, ఎనిమిదీ ఒకట్లు అయినా ఈ పద్ధతి పనిచేయదు. అన్నీ ఒకట్లై మాంటిస్సా సున్నా అయితే అది ఇన్ఫినిటీ, మాంటిస్సాలో ఏదైనా ఉంటే నాట్ ఎ నంబర్. అన్నీ సున్నాలై మాంటిస్సా కూడా సున్నా అయితే అది సున్నా, ఇది ఎందుకు ప్రత్యేకం అంటే సున్నాకి దాచిపెట్టడానికి 1 ఎక్కడిది? అన్నీ సున్నాలై మాంటిస్సాలో ఏదైనా ఉంటే దాచిన 1 ఉండదు, ఎక్స్‌పోనెంట్‌ని −126గా తీసుకోవాలి. ఈ రెండు చివర్లూ పోగా మామూలు అంకెలకి ఎక్స్‌పోనెంట్ −126 నుంచి +127 దాకా మిగులుతుంది.

కొందరు పేపరు పెట్టేవాళ్ళు 32 బిట్లు రాయించడం ఇష్టంలేక సొంత ఆకారం ఇస్తారు. ఒక సైన్ బిట్, నాలుగు బిట్ల ఎక్స్‌పోనెంట్, మూడు బిట్ల మాంటిస్సా అని ఇచ్చి −5.5 రాయమంటారు. 127 అని అలవాటుగా రాసేయకండి, నాలుగు బిట్లలో 127 పట్టదు కూడా. ప్రశ్నలో బయాస్ ఇస్తే అదే వాడాలి, ఇవ్వకుండా ఐ ట్రిపుల్ ఈ పద్ధతిలో అంటే ఎక్స్‌పోనెంట్ బిట్లు k అయినప్పుడు బయాస్ 2^(k−1) − 1, ఇక్కడ 7. 5.5 అంటే 101.1, అంటే 1.011 × 2^2. ఎక్స్‌పోనెంట్ 9, అంటే 1001. జవాబు 1 1001 011. ఇవే ఎనిమిది బిట్లు, 11001011, టూస్ కాంప్లిమెంట్ ప్రశ్నలో వచ్చి ఉంటే −128 + 64 + 8 + 2 + 1 అని చదివి −53 అని రాయాలి. బిట్లలో ఏ తేడా లేదు, ప్రశ్నలో ఏ ఆకారం అన్నారో దాన్ని బట్టే విలువ. అందుకని జవాబు మొదటి వరసలోనే ఏ ఆకారం, ఎన్ని బిట్లు, బయాస్ ఎంత అని రాసేయడం మంచిది.

చివరిగా తెగని భిన్నాల సంగతి. .6875 నాలుగు గుణకారాల్లో తెగింది కాబట్టి హాయిగా ఉంది. 0.1 ఇస్తే తెగదు. రెండుతో గుణిస్తూ పోతే 0.2, 0.4, 0.8, 1.6, 1.2, మళ్ళీ 0.4 అని అదే చుట్టు తిరుగుతుంది. 0.4 రెండోసారి కనపడగానే గుణించడం ఆపేయండి, చుట్టు దొరికింది. దాన్ని అలాగే పొడిగించుకోవచ్చు:

```
0.1 = 0.0001 1001 1001 1001 ...
    = 1.1001 1001 1001 ... × 2^−4
```

ఎక్స్‌పోనెంట్ 127 − 4, అంటే 123, అంటే 01111011. మాంటిస్సాకి ఇరవై మూడు బిట్లు కావాలి, 1001 అనేది ఐదుసార్లు రాస్తే ఇరవై, ఇంకో మూడు 100. అక్కడ గీత గీసి ఆ తర్వాత ఏముందో ఒక నాలుగైదు బిట్లు గీత అవతల రాయండి:

```
1001 1001 1001 1001 1001 100 | 1 1001 ...
```

గీత అవతల మొదటి బిట్ 0 అయితే తోకని కోసేయడమే. 1 అయి, దాని వెనకాల ఎక్కడైనా ఇంకో 1 ఉంటే సగం కన్నా ఎక్కువ మిగిలిందన్నమాట, పైకి సవరించాలి, అంటే చివరి బిట్‌కి 1 కలపాలి. మొదటి బిట్ 1 అయి వెనక అన్నీ సున్నాలే అయితే సరిగ్గా సగం, అప్పుడు చివరి బిట్ 0 అయ్యే వైపుకి సవరించాలి. మన లెక్కలో 1 వెనకాల 1001 ఉంది, సగం కన్నా ఎక్కువే, కాబట్టి చివరి 100 కాస్తా 101 అవుతుంది.

```
0  01111011  10011001100110011001101   = 3DCCCCCD
```

తోక కోసేసి 3DCCCCCC రాసినవాళ్ళు చాలామందే ఉంటారు, చూడ్డానికి అన్నీ C లే వచ్చాయి కాబట్టి అదే కరెక్ట్ అనిపిస్తుంది కూడా. ప్రశ్నలో "ట్రంకేట్ చేయండి" అని ఉంటే అదే జవాబు, ఏమీ అనకపోతే దగ్గరి విలువకి సవరించడమే ప్రమాణంలో మామూలు పద్ధతి, అప్పుడు చివర D రావాలి. ఇలా పైకి సవరించడం వల్ల నిజంగా దాచబడే విలువ 0.1 కన్నా రవ్వంత ఎక్కువ, 0.10000000149 చిల్లర. ఎప్పుడైనా మాంటిస్సా ఇరవై మూడూ ఒకట్లే అయి ఉండగా పైకి సవరించాల్సి వస్తే క్యారీ దాచిన 1 దాకా పాకి 10.000 అవుతుంది, అప్పుడు మాంటిస్సా అంతా సున్నాలు చేసి ఎక్స్‌పోనెంట్‌కి ఒకటి కలపండి. క్యాలిక్యులేటర్‌లో బేస్ మోడ్ ఉంది కదా, దాంతో సరిచూసుకుందాం అనుకుంటే అది పూర్ణాంకాల వరకే, ఈ భిన్నాల దగ్గర అక్కరకు రాదు. 01111011ని మళ్ళీ 123గా చదివి, 1.6ని 16తో భాగిస్తే 0.1 వస్తోందని రఫ్‌లో ఒక వరస వేసుకుంటే సరిపోతుంది.